గొడుగు లేస్తేనే బొమ్మ గోడెక్కేది

1881 మార్చిలో ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ అల్జీర్స్ నుంచి పారిస్‌లోని తన వ్యాపారి పాల్ ద్యురాన్-రుయెల్‌కి ఒక ఉత్తరం రాశాడు. తను మళ్లీ సలోన్‌కి బొమ్మలు ఎందుకు పంపుతున్నాడో అందులో సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆయన చెప్పిన లెక్క చాలా సూటిగా ఉంటుంది. సలోన్ ముద్ర లేకపోయినా బొమ్మ నచ్చితే కొనగలిగినవాళ్లు పారిస్ మొత్తం మీద పదిహేను మంది ఉంటారేమో. సలోన్‌లో లేని చిత్రకారుడి దగ్గర గోరంత బొమ్మ కూడా కొననివాళ్లు ఎనభై వేల మంది ఉన్నారు. అందుకే ఏడాదికి ఒకటో రెండో పంపుతున్నానని రాశాడు. ఆ పదిహేనూ ఎనభై వేలూ ఎవరో లెక్కపెట్టి తేల్చినవి కావు, నోటికొచ్చిన అంకెలే. అయినా అప్పటి చిత్రకారుడి బతుకు అర్థం కావడానికి అవే చాలు.

సలోన్ అంటే పారిస్‌లో ప్రభుత్వం జరిపే చిత్రప్రదర్శన. 1648లో పద్నాలుగో లూయీ పేరిట రాచ అకాడమీ పుట్టింది. 1667 నుంచి దాని సభ్యులు తమ పనిని జనానికి చూపించడం మొదలుపెట్టారు. 1725 నుంచి లూవ్ర్ ప్యాలెస్‌లో సలోన్ కారే అనే పెద్ద గదిలో ప్రదర్శన జరిగింది. ఆ గది పేరే ప్రదర్శనకీ స్థిరపడిపోయింది. విప్లవకాలంలో పాత అకాడమీని రద్దుచేశారు, సలోన్‌ని అందరికీ తెరిచారు. అకాడమీ మాత్రం 1816 నాటికి కొత్త పేరుతో మళ్లీ లేచి కూర్చుంది. రాజులు పోయారు, చక్రవర్తులు వచ్చారు, రిపబ్లిక్‌లు వచ్చాయి. సలోన్ తీరు పెద్దగా మారలేదు.

దాని బలం ఎక్కడుందో తెలియాలంటే అలెగ్జాండర్ కాబనెల్ జీవితం చూస్తే చాలు. ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్‌లో చదివాడు. అక్కడ ఏటా జరిగే రోమ్ బహుమతి పోటీలో గెలిచి, ప్రభుత్వ ఖర్చుతో ఇటలీలో కొన్నేళ్లు ఉండి పాత గురువుల పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక సలోన్‌లో పతకాలు అందుకున్నాడు. 1863 సలోన్‌లో ఆయన వేసిన ‘వీనస్ జననం’ని మూడో నెపోలియన్ చక్రవర్తి స్వయంగా కొన్నాడు. అదే ఏడు అకాడమీ సభ్యుడయ్యాడు, మరుసటి ఏడు పాత కళాశాలలోనే ఆచార్యుడయ్యాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు సలోన్ జ్యూరీలో కూర్చుని, కుర్రవాళ్ల బొమ్మలు ఉండాలో పోవాలో చెప్పాడు. చదువు చెప్పేవాళ్లు, బహుమతి ఇచ్చేవాళ్లు, ప్రదర్శనకి ఎంపిక చేసేవాళ్లు, ప్రభుత్వం ఏది కొనాలో సలహా చెప్పేవాళ్లు అందరూ ఒకే చిన్న గుంపు. అందులో కుట్రేమీ లేదు. వాళ్లు నేర్చుకున్నదే గొప్పదని వాళ్లు మనసారా నమ్మారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

వాళ్లు నమ్మిన కొలతలు కూడా ముందే రాసిపెట్టుకున్నవే. పదిహేడో శతాబ్దంలోనే అకాడమీ బొమ్మలకి కులాల లాంటి అంతస్తులు కట్టింది. పురాణం, చరిత్ర, మతం చూపించే బొమ్మ అన్నిటికన్నా పైన. దాని కింద మనుషుల రూపచిత్రాలు, ఆ కింద మామూలు జనం బతుకు, ఆ కింద ప్రకృతి దృశ్యం, అట్టడుగున పళ్లూ పూలూ గిన్నెలూ. పెద్ద విషయానికి పెద్ద గుడ్డ, చిన్న విషయానికి చిన్న గుడ్డ. రంగు నున్నగా ఉండాలి, కుంచె జాడ కనపడకూడదు. ఊరి చివరి నది ఒడ్డుని ఆరడుగుల బొమ్మగా, కుంచె గీతలు బాహాటంగా కనిపించేలా వేశాడంటే ఆ కుర్రవాడు ఒక్క దెబ్బతో మూడు నియమాలు తప్పినట్టే.

ఇక ప్రదర్శన ఎలా నడిచేదో చూద్దాం. 1857 నుంచి సలోన్ షాంజెలిజే వీధిలోని పరిశ్రమల భవనంలో జరిగేది. ప్రపంచ ప్రదర్శన కోసం ఇనుమూ గాజూ వాడి కట్టిన పెద్ద భవనం అది. వసంతం మొదట్లో చిత్రకారులు తమ బొమ్మల్ని తోపుడు బండ్ల మీద అక్కడికి తోలుకొచ్చేవాళ్లు. జ్యూరీ కొన్నాళ్లపాటు వేల బొమ్మల ముందు నడుచుకుంటూ పోయేది. ఒక్కో బొమ్మకి దక్కేది క్షణాలే. ఆ ఓటింగ్ ఎలా ఉండేదో హెన్రీ జెర్వెక్స్ వేసిన బొమ్మ ఒకటి పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. నల్లకోట్ల పెద్దమనుషులు గుంపుగా నిలబడి, చేతికర్రలూ గొడుగులూ పైకెత్తి ఓటు వేస్తుంటారు. ఒప్పుకున్న బొమ్మ గోడెక్కుతుంది, లేనిది వచ్చిన దారినే పోతుంది.

గోడెక్కినంత మాత్రాన గండం గట్టెక్కినట్టు కాదు. గోడలమీద కింద నుంచి కప్పు దాకా ఫ్రేములు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. కంటి ఎత్తులో ఉన్నది అదృష్టం. కప్పు కింద పెట్టిన దాన్ని మెడ నొప్పెట్టేదాకా చూసినా ఏమీ కనిపించదు. 1860ల్లో గదుల్ని పేర్ల అక్షరక్రమంలో సర్దేవాళ్లు. దానివల్ల 1865లో ఒక తమాషా జరిగింది. ఎం అక్షరం గదిలో మానే, మోనే ఇద్దరి బొమ్మలూ పడ్డాయి. ఆ ఏడు మానే ‘ఒలింపియా’ మీద ఊరంతా తిట్లు కురిపిస్తుంటే, సముద్రం బొమ్మలు మాత్రం బాగున్నాయని కొందరు ఆయన్నే అభినందించారట. అవి ఎవరో పాతికేళ్లు నిండని మోనేవి. మానేకి ఒళ్లు మండింది. ‘ఒలింపియా’ని జనం పాడుచేస్తారన్న భయంతో చివరికి దాన్ని ఒక తలుపు మీద అందనంత ఎత్తుకి మార్చారు.

రెన్వార్ చెప్పిన ఎనభై వేలమంది ఈ హాల్లోనే తిరిగేవాళ్లు. లక్షలమంది చూసేందుకు వచ్చే మరో చోటు చిత్రకారుడికి లేదు. సొంత గ్యాలరీ పెట్టి కొత్తవాళ్ల బొమ్మలు అమ్మే వ్యాపారులు అప్పటికి ఒకరిద్దరే. మధ్యతరగతి కొనుగోలుదారుడికి బొమ్మ సంగతి తెలియదు, పతకం సంగతి తెలుసు. పతకం ఉన్నవాడికి ప్రభుత్వ పనులు వస్తాయి, జిల్లా మ్యూజియంలు కొంటాయి, శిష్యులు చేరతారు. ఒక స్థాయి పతకం దాటితే మళ్లీ జ్యూరీ ముందు నిలబడక్కర్లేదు. పతకం లేనివాడు మాత్రం ప్రతి ఏడూ పరీక్ష రాయాల్సిందే. 1866లో జూల్ హోల్ట్‌సాఫెల్ అనే చిత్రకారుడు, అంతకుముందు ఎన్నో ఏళ్లు సలోన్‌లో చోటు దొరికినవాడే, ఆ ఏడు బొమ్మలు తిరిగొచ్చాయని పిస్తోలుతో కాల్చుకుని చచ్చిపోయాడు. ఎమిల్ జోలా ఆ ఏటి సలోన్ సమీక్షలని ఆ చావుతోనే మొదలుపెట్టాడు.

తిరుగుబాటుకి మొదటి గంట కూర్బే కొట్టాడు. 1855 ప్రపంచ ప్రదర్శనలో తన భారీ చిత్రం ‘చిత్రకారుడి కార్యశాల’ని జ్యూరీ తోసిపుచ్చింది. ఆయన పక్కనే సొంత ఖర్చుతో ఒక పందిరి వేయించి, నలభై బొమ్మలు పెట్టి, టికెట్టు అమ్మాడు. జనం పెద్దగా రాలేదు. కూర్బే లాంటి మొండివాడికీ, వెనక డబ్బున్నవాడికీ తప్ప అది సాధ్యమయ్యే పని కూడా కాదు.

1863లో గొడవ పెద్దదైంది. దాదాపు 5,000 బొమ్మలు వస్తే జ్యూరీ సగానికి పైగా వెనక్కి పంపేసింది. ఫిర్యాదులు చక్రవర్తి దాకా వెళ్లాయి. మూడో నెపోలియన్ ఏప్రిల్‌లో స్వయంగా వచ్చి తిప్పికొట్టిన బొమ్మల్లో కొన్నిటిని చూశాడు. వాటికీ గోడెక్కినవాటికీ పెద్ద తేడా ఆయనకి కనిపించలేదు. అయితే జ్యూరీని తప్పుపట్టడం ఇష్టంలేక తెలివైన దారి ఎంచుకున్నాడు. తిరస్కరించినవాటిని కూడా అదే భవనంలో మరో పక్కన పెట్టండి, ఎవరిది న్యాయమో జనమే తేల్చుకుంటారన్నాడు. ‘తిరస్కృతుల సలోన్’ అలా పుట్టింది. మే 15న తలుపులు తెరిచారు.

పైకి ఇది వరంలా కనిపిస్తుంది. నా దృష్టిలో అది ఉరితాడు. అందులో బొమ్మ పెడితే నన్ను తోసేశారని ఊరందరికీ చాటుకున్నట్టు. పెట్టకపోతే జ్యూరీ అన్నది నిజమేనని ఒప్పుకున్నట్టు. పైగా వచ్చే ఏడు మళ్లీ అదే జ్యూరీ ముందుకు వెళ్లాలి కదా, వాళ్లకి కోపం వస్తే? వందల కొద్దీ బొమ్మల్ని చిత్రకారులే వెనక్కి తీసుకుపోయారు. మిగిలినవాటిలో మానే ‘గడ్డిమీద భోజనం’, విస్లర్ ‘తెల్లని అమ్మాయి’, పిస్సారో, సెజాన్‌ల పనీ ఉన్నాయి. ఎందుకూ కొరగాని బొమ్మలు కూడా వాటి పక్కనే ఉన్నాయి. జనం విరగబడి వచ్చారు, చూడ్డానికి కాదు, నవ్వుకోడానికి. తిరస్కృతి అనే పేరు గుమ్మం మీద ఉంటే లోపల ఏమున్నా కళ్లకి కనిపించేది అదే.

ఆ ఏడు చివర్లో ప్రభుత్వం కొంత దిగొచ్చింది. కళాశాలపై అకాడమీ పట్టు తగ్గించింది. మరుసటి ఏటి నుంచి సలోన్‌ని ఏటేటా జరుపుతామంది, జ్యూరీలో ఎక్కువమందిని చిత్రకారులే ఎన్నుకోవచ్చంది. అయితే మొదట్లో ఆ ఓటు పతకాలున్నవాళ్లకే. ఎవరు ఎవరిని ఎన్నుకుంటారో ఊహించడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. 1866లో సెజాన్ తిరస్కృతుల సలోన్ మళ్లీ పెట్టమని కళాశాఖ అధికారికి ఉత్తరం రాస్తే, అది కళ గౌరవానికి తగదు, కుదరదు అన్న మాట దాని అంచున రాసి పక్కన పడేశారు.

ఇప్పుడు మోనే ఒక్కడి అయిదారేళ్ల ఖాతా విప్పి చూద్దాం. 1865లో రెండు సముద్రదృశ్యాలు ఒప్పుకున్నారు. 1866లో ఆకుపచ్చ గౌను వేసుకున్న కామీ బొమ్మ పెట్టాడు, మెచ్చుకున్నారు. ఇరవై అయిదేళ్ల కుర్రవాడికి అంతకన్నా మంచి ఆరంభం ఏముంటుంది? ఆ ఊపులో ‘తోటలో స్త్రీలు’ మొదలుపెట్టాడు. ఎనిమిది అడుగులకు పైగా ఎత్తు. కార్యశాలలో గీతలు గీసుకోవడం కాదు, మొత్తం బొమ్మ ఆరుబయట ఎండలోనే వేయాలని పట్టుపట్టాడు. పైభాగం అందడానికి నిచ్చెన ఎక్కితే చూపు కోణం మారిపోతుందని, తోటలో కందకం తవ్వించి గుడ్డని తాళ్లతో అందులోకి దింపుకుంటూ వేశాడు. తెల్ల గౌన్ల మీద ఆకుల నీడలు నీలంగా పడ్డాయి. 1867లో జ్యూరీ దాన్ని వెనక్కి పంపింది. చరిత్రా లేదు, కథా లేదు, అంత పెద్ద బొమ్మ ఎందుకు? ఆ ఏడు రెన్వార్, సిస్లీ, పిస్సారో, సెజాన్, బాజీల్ బొమ్మలకీ అదే గతి పట్టింది.

మోనే చేతిలో చిల్లిగవ్వ లేదు, కామీ కడుపుతో ఉంది. కలిగినింటి పిల్లవాడైన స్నేహితుడు ఫ్రెడరిక్ బాజీల్ ఆ బొమ్మని 2,500 ఫ్రాంకులకి, నెలకి 50 చొప్పున ఇచ్చేలా కొన్నాడు. అది కొనుగోలు కాదు, సాయమే. 1868లో రెండు పంపితే ఒకటి ఒప్పుకున్నారు. 1869లో రెండూ పోయాయి. 1870లో రెండూ పోయాయి. ఈసారి జ్యూరీలో ఉన్న పెద్ద చిత్రకారుడు దోబిన్యీ కోపంతో తన పదవికి రాజీనామా ఇచ్చి బయటికొచ్చాడు. జ్యూరీ ఫలితం మాత్రం మారలేదు.

సొంత ప్రదర్శన ఆలోచన 1867 నాటికే వీళ్లకి ఉంది. బాజీల్ ఆ ఏడు ఇంటికి రాసిన ఉత్తరంలో, ఏటా ఒక పెద్ద హాలు అద్దెకి తీసుకుని మాకు నచ్చినన్ని బొమ్మలు పెడతామని చెప్పాడు. అందరూ కలిసి చందాలు వేసుకుంటే 2,500 ఫ్రాంకులు పోగయ్యాయి, హాలుకి చాలలేదు. ఆలోచన మూలపడింది. 1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చింది. బాజీల్ సైన్యంలో చేరి ఆ నవంబరులోనే ఇరవై ఎనిమిదేళ్ల వయసులో చనిపోయాడు.

1873 డిసెంబరు 27న మిగిలినవాళ్లు కంపెనీ పెట్టారు. నేను కంపెనీ అన్నది వట్టి మాట కాదు. చిత్రకారుల, శిల్పుల, ముద్రణ కళాకారుల సహకార వాటాల సంఘంగా దాన్ని రిజిస్టరు చేశారు. నియమావళి పిస్సారో తెచ్చాడు. తను ఉండే పొంత్వాజ్ ఊళ్లో రొట్టెలు కాల్చేవాళ్ల సంఘం నిబంధనలు చూసి తయారుచేశాడు. రెన్వార్‌కి ఆ నిబంధనల చాంతాడు విసుగు పుట్టించింది. అసలు సంగతులు మాత్రం మూడే. ఏడాదికి 60 ఫ్రాంకులు, నెలకి 5 చొప్పున కడితే సభ్యుడు. సభ్యుడికి ప్రదర్శించే హక్కు ఉంది, జ్యూరీ లేదు, పతకం లేదు. ఎవరి బొమ్మ ఎక్కడ వేలాడాలో బొమ్మల సైజు చూసి విడగొట్టి, చీటీలు వేసి తేల్చాలి. సలోన్‌లో తిన్న ఒక్కో దెబ్బకి ఒక్కో కట్టు అన్నట్టు ఉంటాయి ఆ నిబంధనలు. తీరా రోజు వచ్చేసరికి సర్దడానికి మిగతావాళ్లు సరిగా రాకపోవడంతో చాలావరకు రెన్వార్ ఒక్కడే సర్దాడు.

దెగాకి ఒకటే పట్టుదల. ఇది తిరస్కృతుల ప్రదర్శన అని ఎవరూ అనకూడదు. అందుకే సలోన్‌లో పేరున్న నెమ్మదస్తుల్ని కూడా పిలిచి చేర్చాడు. మానేని ఎంత బతిమాలినా రాలేదు. గెలవాల్సిన చోటు సలోనేనని ఆయన నమ్మకం. బెర్త్ మోరిసో వచ్చింది. పదేళ్లుగా ఆమె బొమ్మలు సలోన్ ఒప్పుకుంటూనే ఉంది కాబట్టి ఆమె వదులుకున్నది ఎక్కువ. ఎకోల్ దె బోజార్ 1897 దాకా ఆడవాళ్లని చేర్చుకోలేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

కపుసీన్ బులవార్‌లో 35వ నంబరు, ఫొటోగ్రాఫర్ నాదార్ ఖాళీ చేసిన స్టూడియో. 1874 ఏప్రిల్ 15న, సలోన్ కన్నా పదిహేను రోజుల ముందు తెరిచారు. సలోన్ తిరస్కరించాక పెట్టారనే మాట రాకూడదని ఆ తేదీ. ముప్ఫై మంది చిత్రకారులు, 165 బొమ్మలు. ప్రవేశం ఒక ఫ్రాంకు. పగలంతా తెరిచాక, రాత్రి ఎనిమిది నుంచి పది దాకా దీపాల వెలుగులో మళ్లీ తెరిచేవాళ్లు. పగలు పనికి పోయేవాళ్లు కూడా రావాలని కాబోలు. మొదటి రోజు 175 మంది వచ్చారు, చివరి రోజు 54 మంది. నెలరోజులకి మొత్తం దాదాపు 3,500. సలోన్‌కి లక్షల్లో వచ్చేవాళ్లు. పది రోజులకి లూయీ లెరువా అనే పాత్రికేయుడు ‘షారివారి’ హాస్యపత్రికలో, మోనే బొమ్మ ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ పేరుని పట్టుకుని వీళ్లందరినీ ఇంప్రెషనిస్టులని వెక్కిరించాడు.

వెక్కిరింత గురించి అందరూ రాస్తారు, జమాఖర్చులు ఎవరూ చెప్పరు. డిసెంబరు 17న రెన్వార్ కార్యశాలలో సంఘం లెక్కలు చూసుకుంది. బయటి బాకీలు తీరినా, సభ్యులు ముందుగా పెట్టిన డబ్బు సుమారు 3,700 ఫ్రాంకులు సంఘం తిరిగి ఇవ్వాల్సి ఉంది, పెట్టెలో 278 కూడా లేవు. ఒక్కొక్కరూ 184 ఫ్రాంకుల 50 సెంటీమ్‌లు కట్టాలని తేలింది. అది మూడేళ్ల చందా. పారిస్‌లో పనివాడి రోజు కూలి ఐదు ఫ్రాంకులకి అటూ ఇటూగా ఉన్న రోజులవి. సంఘాన్ని అక్కడికక్కడే ఎత్తేశారు.

అయినా ప్రదర్శనలు ఆగలేదు. 1886 దాకా మొత్తం ఎనిమిది జరిగాయి. 1877లో హాలు ఖర్చు డబ్బున్న చిత్రకారుడు గుస్తావ్ కాయ్‌బోత్ భరించాడు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. సలోన్‌కి పంపినవాడు మనతో ప్రదర్శించకూడదని దెగా నియమం పెట్టించాడు. గుమ్మాలు పగలగొట్టాలని బయల్దేరినవాళ్లు తమ గుమ్మానికి తామే గడియ పెట్టుకున్నారు. రెన్వార్ జారిపోయి 1879 సలోన్‌లో శ్రీమతి షార్పాంతియే, పిల్లలతో ఉన్న బొమ్మ పెట్టి మంచి పేరు తెచ్చుకున్నాడు. మరుసటి ఏడు మోనే కూడా సలోన్‌కే వెళ్లాడు. అతని బొమ్మల్లో ఒకటి ఒప్పుకుని అందనంత ఎత్తులో పెట్టారు. ఎనిమిదింటిలోనూ ఉన్నది పిస్సారో ఒక్కడే. వీళ్ల ద్రోహం గురించి దెగా చాలా మాటలన్నాడు. దెగా బ్యాంకరు కొడుకు, మోనే అప్పులవాడు. మాట అనేటప్పుడు ఆ తేడా కూడా చూడాలి.

సలోన్‌ని చివరికి కూలదోసింది తిరుగుబాటుదారులు కాదు. ఏడాదికేడాది వేల బొమ్మలతో, తగాదాలతో వేగలేక 1881లో ప్రభుత్వమే దాన్ని చిత్రకారుల సంఘానికి అప్పగించి చేతులు కడుక్కుంది. సంఘం చేతిలోనూ జ్యూరీ అలాగే నడిచింది. జెర్వెక్స్ వేసిన గొడుగుల బొమ్మ 1885 నాటిది. 1884లో అదే తరహా జ్యూరీ సూరా వేసిన ‘ఆనియేర్‌లో స్నానాలు’ని తిప్పికొట్టింది. జ్యూరీ వద్దు, బహుమతులూ వద్దు అన్న వాళ్లు ఆ ఏడు ట్విలరీ తోటలో ఒక తాత్కాలిక కొట్టంలో బొమ్మలు పెట్టారు. సూరా బొమ్మకి ఫలహారశాలలో చోటు దొరికింది. వాళ్లు పెట్టిన స్వతంత్రుల సంఘం ఇప్పటికీ పారిస్‌లో ప్రదర్శనలు జరుపుతూనే ఉంది. చందా కట్టినవాడికి చోటు అన్న నియమంతో మంచి బొమ్మతో పాటు చెత్త కూడా వస్తుంది. జ్యూరీ పెట్టినా చెత్త వచ్చింది కదా.

అదే కాలంలో ద్యురాన్-రుయెల్ లాంటి వ్యాపారులు ఒక్కో చిత్రకారుడి బొమ్మల్ని గుత్తగా కొని, ఒక్కడి పనే ఒక గదిలో పెట్టి అమ్మడం అలవాటు చేశారు. అమెరికా కొనుగోలుదారులు వచ్చారు. పతకం చూసి కొనేవాళ్లు తగ్గారు, పేరు చూసి కొనేవాళ్లు పెరిగారు. పెత్తనం జ్యూరీ నుంచి వ్యాపారి చేతికి మారింది. అది మేలా కీడా అన్నది వేరే కథ.

1867లో జ్యూరీ తిప్పి పంపిన ‘తోటలో స్త్రీలు’ని 1921లో మోనే దగ్గర ఫ్రెంచి ప్రభుత్వమే కొన్నది. ధర 2,00,000 ఫ్రాంకులు. అప్పటికి ఫ్రాంకు విలువ బాగా పడిపోయిందనుకున్నా అది పెద్ద మొత్తమే. ఇప్పుడు అది ఓర్సే మ్యూజియంలో ఉంది, చూడాలంటే టికెట్టు కొనాలి.